ఫ్లాష్ లైట్లు పడనివాళ్లకి స్క్రీన్ సెట్టింగ్స్‌లో ఏది పనికొస్తుంది, ఏది పనికిరాదు

ఇంట్లో ఒకళ్లకి ఫ్లాష్ లైట్లు పడవు, వాటివల్ల ఫిట్స్ వచ్చే ఛాన్స్ ఉంది అని డాక్టర్ చెప్పగానే చాలామంది చేసే మొదటి పని ఫోన్‌లో నైట్ లైట్ ఆన్ చెయ్యడం, రెండోది Reduce Motion ఆన్ చెయ్యడం, ఇంకాస్త టెక్నికల్‌గా ఆలోచించేవాళ్లైతే 120 హెర్ట్జ్ స్క్రీన్ ఉన్న ఫోన్ కొనడం. ఈ మూడూ మంచి ఉద్దేశంతో చేసేవే, కానీ వీడియోలో వచ్చే ఫ్లాష్‌ని ఈ మూడిట్లో ఒక్కటి కూడా ఆపదు. నైట్ లైట్ నీలం రంగు తగ్గిస్తుంది అంతే, Reduce Motion యాప్ ఓపెన్ అయ్యేటప్పుడు వచ్చే జూమ్, స్లైడ్ లాంటి యానిమేషన్లని తగ్గిస్తుంది, వీడియో లోపల ఏం జరుగుతుందో దానికి సంబంధం లేదు. ఆండ్రాయిడ్‌లో Remove animations, విండోస్‌లో Animation effects కూడా అదే బాపతు. ఇక 120 హెర్ట్జ్ స్క్రీన్ అంటే స్క్రీన్ సెకనుకి అన్నిసార్లు రిఫ్రెష్ అవుతుందని, అందులో ప్లే అయ్యే పాటలో స్ట్రోబ్ లైట్ సెకనుకి పదిసార్లు కొడితే ఆ స్క్రీన్ మీద కూడా పదిసార్లే కొడుతుంది.

అందుకే సెట్టింగ్స్ జోలికి వెళ్లేముందు అసలు మెదడుని ఇబ్బంది పెట్టేది ఏంటో తెలుసుకోవాలి. ఫోటోసెన్సిటివ్ ఎపిలెప్సీ అనేది మూర్ఛ ఉన్న ప్రతి వందమందిలో దాదాపు ముగ్గురికి ఉంటుంది, పిల్లల్లో, టీనేజ్‌లో ఉన్నవాళ్లలో ఎక్కువ, మగపిల్లల కంటే ఆడపిల్లల్లో ఎక్కువ. వీళ్లకి ట్రిగ్గర్ అయ్యేది వెలుగు కాదు, వెలుగు మళ్లీమళ్లీ మారడం. సెకనుకి 3 నుంచి 30 సార్ల దాకా కొట్టే ఫ్లాష్‌లు ఎక్కువ డేంజర్, అందులోనూ 15 నుంచి 25 మధ్యలోవి ఇంకా ఎక్కువ, కొద్దిమందికి 60 దాకా కూడా ఇబ్బందే. దీనికి ఇంకో మూడు తోడవుతాయి: చీకటికీ వెలుగుకీ మధ్య తేడా ఎంత ఉంది, అది కంటిచూపులో ఎంత మేర ఆక్రమిస్తోంది, అందులో ముదురు ఎరుపు ఉందా. మొత్తం నాలుగు విషయాలు. ఏ సెట్టింగ్ అయినా ఈ నాలుగిట్లో ఒకదాన్ని తగ్గిస్తేనే అది పనికొచ్చినట్టు, లేకపోతే మనసుకి తృప్తి తప్ప ఏం లేదు.

దీనికి అందరూ చెప్పుకునే ఉదాహరణ 1997 డిసెంబర్ 16న జపాన్‌లో జరిగింది. ఆ సాయంత్రం టీవీ టోక్యోలో వచ్చిన పోకెమాన్ ఎపిసోడ్‌లో ఒక పేలుడు సీన్‌లో ఎరుపు, నీలం సెకనుకి దాదాపు 12 సార్లు మారుతూ కొన్ని సెకన్ల పాటు స్క్రీన్ నిండా వచ్చాయి, 685 మంది పిల్లల్ని హాస్పిటళ్లకి తీసుకెళ్లారు. పైన చెప్పిన నాలుగిట్లో మూడు ఇక్కడ కలిసొచ్చాయి చూడండి, స్పీడ్ డేంజర్ రేంజ్‌లో ఉంది, స్క్రీన్ మొత్తం నిండింది, ముదురు ఎరుపు ఉంది, పైగా పిల్లలు టీవీకి దగ్గరగా కూర్చుని చూస్తారు. అంతకుముందే 1993లో బ్రిటన్‌లో ఒక నూడుల్స్ యాడ్ వల్ల కొంతమందికి ఫిట్స్ రావడంతో అక్కడ టీవీకి రూల్స్ పెట్టారు. ఇప్పుడు ఆ రూల్సే కొద్దిపాటి మార్పులతో అంతర్జాతీయ టీవీ ప్రమాణంగా ఉన్నాయి, వెబ్‌కి కూడా దాదాపు అలాంటిదే ఉంది. సింపుల్‌గా చెప్పాలంటే ఏ ఒక్క సెకనులోనూ మూడు ఫ్లాష్‌లకి మించకూడదు, ఒక ఫ్లాష్ అంటే వెలుగు పెరిగి తగ్గడం లేదా తగ్గి పెరగడం, రెండూ కలిపి ఒకటి.

చిక్కు ఎక్కడంటే ఆ రూల్స్ టీవీ ఛానెళ్ల కోసం రాసినవి. ఎవరో ఫోన్‌లో తీసి అప్‌లోడ్ చేసిన డీజే వీడియోని ఎవరూ టెస్ట్ చెయ్యరు. ఇంకో సంగతి, టీవీ ప్రమాణంలో లెక్క వేసేటప్పుడు స్క్రీన్ గరిష్ఠ వెలుగు 200 నిట్స్ అనుకుని వేస్తారు, నిట్స్ అంటే స్క్రీన్ వెలుగుని కొలిచే యూనిట్. ఇప్పటి మామూలు ఫోన్ కూడా 500 నిట్స్ దాటుతుంది, హెచ్‌డీఆర్ వీడియో వస్తే వెయ్యి కూడా దాటేవి ఉన్నాయి. అంటే టెస్ట్‌లో పాసైన వీడియో కూడా బ్రైట్‌నెస్ ఫుల్‌గా పెట్టిన ఫోన్‌లో ఆ టెస్ట్ అనుకున్నదానికంటే చాలా గట్టిగా కొడుతుంది.

ముందు స్క్రీన్ సైజ్, దూరం గురించి చూద్దాం, ఎందుకంటే ఇది ఏ డివైస్‌లోనైనా, ఏ యాప్‌లోనైనా పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు. టీవీకి దూరంగా కూర్చోమని అందరూ చెప్తారు, కానీ ఫోన్ చిన్నది కాబట్టి పర్లేదనుకుంటారు. లెక్క వేస్తే వేరేలా వస్తుంది. 43 అంగుళాల టీవీ అడ్డంగా దాదాపు 95 సెంటీమీటర్లు ఉంటుంది, మూడు మీటర్ల దూరం నుంచి చూస్తే కంటికి అడ్డంగా 18 డిగ్రీలు, నిలువుగా 10 డిగ్రీలు ఆక్రమిస్తుంది. మామూలు ఫోన్ అడ్డంగా తిప్పితే 15 సెంటీమీటర్లు, పడుకుని మొహానికి 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని చూస్తే అది అడ్డంగా 28 డిగ్రీలు, నిలువుగా 13 డిగ్రీలు. అంటే రాత్రి దుప్పట్లో పట్టుకున్న ఫోన్ హాల్లో ఉన్న టీవీ కంటే రెండింతలు పెద్దది కంటికి, అది కూడా చీకట్లో.

మరి ఎంత చిన్నదైతే పర్లేదు అంటే, వెబ్ ప్రమాణం ప్రకారం చూపు మధ్యలో ఉన్న 10 డిగ్రీల భాగంలో పావు వంతు కంటే తక్కువ మెరిస్తే దాన్ని చిన్నదిగా లెక్కేస్తారు. 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకున్న ఫోన్ మీద అది సుమారు మూడు సెంటీమీటర్ల చదరం. ఫోన్ నిలువుగా పట్టుకుని చూసే మామూలు వీడియో కూడా దానికంటే పెద్దదే, కాబట్టి సైజ్ ఒక్కటీ తగ్గించి నిశ్చింతగా ఉండటం కుదరదు. కానీ ఫుల్‌స్క్రీన్ నుంచి నిలువు వ్యూకి మారినా, లాప్‌టాప్‌లో వీడియోని చిన్న విండోలో పెట్టినా, పీసీ గేమ్‌ని Windowed మోడ్‌లో ఆడినా మెరిసే భాగం సగానికో పావుకో పడిపోతుంది. టీవీ అయితే రెండున్నర మీటర్లకి తగ్గకుండా కూర్చోవాలి, గదిలో లైట్ వేసి ఉంచాలి. చీకట్లో స్క్రీన్‌కీ చుట్టుపక్కలకీ తేడా పెరుగుతుంది, కంటిపాప కూడా పెద్దదవుతుంది, రెండూ ఫ్లాష్‌కి బలం ఇచ్చేవే.

తర్వాత బ్రైట్‌నెస్. టీవీ ప్రమాణంలో ఫ్లాష్ కింద లెక్కలోకి రావాలంటే చీకటి, వెలుగుల మధ్య తేడా కనీసం 20 నిట్స్ ఉండాలి. ఒక సీన్‌లో మెరుపు స్క్రీన్ గరిష్ఠ వెలుగులో 40 శాతం మేర ఊగుతోంది అనుకుందాం. 500 నిట్స్ దగ్గర ఉన్న ఫోన్‌లో ఆ తేడా 200 నిట్స్, అదే ఫోన్ 100 నిట్స్‌కి తగ్గిస్తే 40, యాభైకి తగ్గిస్తే 20. ఫ్లాష్ స్పీడ్ ఏం మారలేదు కానీ దెబ్బ పదో వంతుకి వచ్చింది. ఇలా తగ్గిస్తే రిస్క్ తగ్గుతుంది, పూర్తిగా పోదు, ఎవరి మెదడు ఎంత తట్టుకుంటుందనేది ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది.

బ్రైట్‌నెస్ స్లైడర్ తగ్గించడం అందరికీ తెలిసిందే, సమస్య ఏంటంటే ఆటో బ్రైట్‌నెస్ ఆన్‌లో ఉంటే అది మళ్లీ పెంచేస్తుంది. ఐఫోన్‌లో Settings → Accessibility → Display & Text Size లో Reduce White Point అని ఉంటుంది, అది ఆన్ చేస్తే తెల్లటి వెలుగుకి ఒక పైకప్పు వేసినట్టు అవుతుంది, ఆటో బ్రైట్‌నెస్ పైన ఏం చేసినా ఇది తగ్గిస్తూనే ఉంటుంది. ఆండ్రాయిడ్ 12 నుంచి Extra dim అనేది దాదాపు అదే పని చేస్తుంది, క్విక్ సెట్టింగ్స్‌లో పెట్టుకోవచ్చు. టీవీలో అయితే పిక్చర్ మోడ్ Vivid, Dynamic లాంటివి తీసేసి Movie లేదా Cinema పెట్టాలి, హెచ్‌డీఆర్ అవసరం లేకపోతే ఆపెయ్యాలి, Dynamic Contrast అనే ఆప్షన్ ఉంటే దాన్ని కూడా ఆపాలి, ఎందుకంటే దాని పనే చీకటి సీన్‌ని ఇంకా చీకటి, వెలుగు సీన్‌ని ఇంకా వెలుగు చెయ్యడం.

టీవీ సెట్టింగ్స్‌లో ఎవరూ పట్టించుకోనిది ఇంకోటుంది. స్పోర్ట్స్ చూసేటప్పుడు బొమ్మ క్లియర్‌గా ఉండాలని కొన్ని టీవీల్లో ఫ్రేమ్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య ఒక నల్ల ఫ్రేమ్ దూర్చే ఫీచర్ ఉంటుంది, శాంసంగ్‌లో LED Clear Motion, ఎల్‌జీ ఓలెడ్‌లలో OLED Motion లాంటి పేర్లతో. ఇది ఆన్‌లో ఉంటే స్క్రీన్ మొత్తం సెకనుకి 50, 60 సార్లు ఆరి వెలుగుతుంది, ఏ సీన్ వస్తున్నా సరే. కొద్దిమందికి ఆ స్పీడ్ కూడా ఇబ్బందే అని పైన చెప్పుకున్నాం కదా, కాబట్టి ఇది ఆఫ్‌లో ఉండటమే మంచిది. ఓలెడ్ ఫోన్లు బ్రైట్‌నెస్ తగ్గించడానికి స్క్రీన్‌ని కంటికి కనపడనంత వేగంగా ఆర్పి వెలిగించే పీడబ్ల్యూఎం ఫ్లికర్ గురించి కూడా భయపడేవాళ్లు ఉన్నారు, అది సాధారణంగా సెకనుకి 240 అంతకంటే పైన ఉంటుంది, కొందరికి తలనొప్పి, కళ్ల అలసట రావచ్చు గానీ ఫిట్స్ రేంజ్ అది కాదు. దానికి భయపడి బ్రైట్‌నెస్ పెంచుకోవడం తప్పు లెక్క.

రంగు విషయం కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ముదురు ఎరుపు మారుతూ ఉంటే వెలుగు తేడా తక్కువున్నా డేంజరే అని టీవీ, వెబ్ ప్రమాణాలు రెండూ చెప్తాయి. నైట్ లైట్ ఏం చేస్తుంది? నీలం తీసేసి ఎరుపు ఉంచుతుంది. ఎరుపు ఫ్లాష్ అలాగే ఉంటుంది. ఇక్కడ పనికొచ్చేది గ్రేస్కేల్, అంటే స్క్రీన్‌ని బ్లాక్ అండ్ వైట్ చెయ్యడం. ఆ పోకెమాన్ సీన్‌నే తీసుకుందాం. స్క్రీన్ మీద పూర్తి తెలుపు వెలుగు 100 అనుకుంటే అందులో పూర్తి ఎరుపు వాటా సుమారు 21, పూర్తి నీలం వాటా సుమారు 7. గ్రేస్కేల్ పెడితే ఎరుపు, నీలం రెండూ ముదురు బూడిద రంగులు అయిపోతాయి, మధ్య తేడా 14 మాత్రమే. వెబ్ ప్రమాణంలో హద్దు 10, కాబట్టి 14 అంటే ఇంకా దాటే ఉంది, కానీ ఎరుపు అనే అదనపు ప్రమాదం మొత్తం పోయింది, పైగా బ్రైట్‌నెస్ కూడా తగ్గించి ఉంటే ఆ మిగిలిన తేడా చాలా చిన్నదైపోతుంది. అదే సీన్ నలుపు తెలుపుల మధ్య మెరిస్తే మాత్రం గ్రేస్కేల్ వల్ల ఏ ఉపయోగం లేదు, అది ఎలాగూ బ్లాక్ అండ్ వైటే.

ఐఫోన్‌లో ఇది Accessibility → Display & Text Size → Color Filters → Grayscale దగ్గర ఉంటుంది, ఆండ్రాయిడ్‌లో Color correction లోపల, విండోస్‌లో Accessibility → Color filters దగ్గర. విండోస్‌లో అక్కడే కీబోర్డ్ షార్ట్‌కట్ ఆన్ చేసుకుంటే Windows + Ctrl + C నొక్కగానే మారిపోతుంది, గేమ్ మధ్యలో ఎర్ర అలారం లైట్లు ఉండే లెవెల్ వచ్చినప్పుడు బాగా పనికొస్తుంది.

ప్లేబ్యాక్ స్పీడ్ గురించి అయితే ఎవరూ చెప్పరు. లెక్చర్లు, సీరియల్స్, వెబ్ సిరీస్‌లు రెండింతల స్పీడ్‌లో చూసే అలవాటు చాలామందికి ఉంది. సెకనుకి రెండున్నర ఫ్లాష్‌లు ఉండే సీన్ రూల్ ప్రకారం ఓకే, దాన్నే 2x లో చూస్తే ఐదు అవుతుంది, రూల్ దాటేసింది. సెకనుకి ఏడు ఉండేది పద్నాలుగు అవుతుంది, అంటే సరిగ్గా ఎక్కువ డేంజర్ రేంజ్ అంచుకి వచ్చినట్టు. కాబట్టి ఫోటోసెన్సిటివ్ అయిన వాళ్లు వీడియోని ఫాస్ట్‌గా చూడకపోవడం కూడా ఒక సెట్టింగే. తప్పనిసరిగా చూడాల్సిన వీడియోలో ఒక మెరుపుల సీన్ ఉంటే స్లో చెయ్యడం కంటే దాన్ని దాటేసి వెళ్లడమే నయం.

ఇప్పటిదాకా చెప్పినవి అన్ని వీడియోలకీ ఒకేలా పనిచేస్తాయి, మామూలు సీన్లని కూడా డల్‌గా చేస్తాయి. ఫ్లాష్ వచ్చినప్పుడు మాత్రమే పనిచేసే సెట్టింగ్ ఒకటి ఆపిల్ 2023లో తెచ్చింది, పేరు Dim Flashing Lights. ఐఫోన్, ఐప్యాడ్‌లలో 16.4 వెర్షన్ నుంచి Settings → Accessibility → Motion లో ఉంటుంది, మాక్‌లో 13.3 నుంచి, ఆపిల్ టీవీలో కూడా ఉంది. ఇది ప్లే అవుతున్న వీడియోని డివైస్‌లోనే అప్పటికప్పుడు చూస్తూ వెలుగు మళ్లీమళ్లీ ఊగుతోందని పసిగడితే ఆ కాసేపు బొమ్మని తగ్గిస్తుంది, ఫ్లాష్ ఆగిపోగానే మళ్లీ మామూలు. దీని లెక్క ఎలా పనిచేస్తుందో ఆపిల్ గిట్‌హబ్‌లో బయటపెట్టింది కూడా, మంచి పని చేసింది, మిగతా కంపెనీలు వాడుకోవడానికి అడ్డేం లేదు.

కానీ దీనికి హద్దులున్నాయి, అవి తెలియకుండా ఆన్ చేసి ధీమాగా ఉండటం ప్రమాదం. సపోర్ట్ ఉన్న మీడియాలోనే పనిచేస్తుంది, అంటే ఐఫోన్‌లో కనిపించే ప్రతి వీడియో మీదా ఇది ఉంటుందని అనుకోకూడదు, సొంత ప్లేయర్ రాసుకున్న యాప్‌లో పనిచెయ్యకపోవచ్చు. గేమ్ అనేది వీడియో కాదు, ఫోన్ అప్పటికప్పుడు గీసే బొమ్మ, కాబట్టి గేమ్స్‌కి ఇది లెక్కలోకి రాదు. దీన్ని వైద్యం కింద నమ్ముకోవద్దని ఆపిల్ కూడా చెప్తుంది. ఏ యాప్‌లో పనిచేస్తోందో తెలుసుకోవాలంటే ఇంట్లో ఫోటోసెన్సిటివ్ కాని వాళ్లు ఎవరైనా ఒక మెరుపుల క్లిప్‌ని ఆ యాప్‌లో సెట్టింగ్ ఆఫ్‌లో ఒకసారి, ఆన్‌లో ఒకసారి చూడాలి, ఆన్‌లో ఉన్నప్పుడు మెరుపుల దగ్గర బొమ్మ స్పష్టంగా డల్ అవ్వాలి. అవ్వలేదంటే ఆ యాప్‌కి అది లేనట్టే. ఈ టెస్ట్ ఇబ్బంది ఉన్న మనిషి చెయ్యకూడదు, ఆ మనిషి గదిలో ఉన్నప్పుడు కూడా చెయ్యకూడదు.

ఆపిల్ డివైస్ లేనివాళ్లకి, చేతిలో ఫైల్ ఉన్న వీడియోకి ఇంకో దారి ఉంది. ఉదాహరణకి కజిన్ పెళ్లి సంగీత్ వీడియో వచ్చింది, అందులో స్టేజ్ మీద డీజే స్ట్రోబ్ లైట్లు ఉన్నాయి, ఇంట్లో ఎపిలెప్సీ ఉన్న అమ్మాయి తను డాన్స్ చేసిన వీడియో చూసుకోవాలనుకుంటోంది. ముందు ఇంకెవరైనా ఆ వీడియోని కంప్యూటర్‌లో పాజ్ చేసి ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చూడాలి, యూట్యూబ్‌లో అయినా ఎంపీవీ ప్లేయర్‌లో అయినా చుక్క కీ నొక్కితే ఒక ఫ్రేమ్ ముందుకి, కామా కీ నొక్కితే ఒక ఫ్రేమ్ వెనక్కి వెళ్తుంది. ఒక తెల్లటి ఫ్రేమ్, రెండు చీకటి ఫ్రేమ్‌లు, మళ్లీ ఒక తెల్లటిది, ఇలా వస్తోంది అనుకుందాం. వీడియో సెకనుకి 25 ఫ్రేమ్‌లది, మూడు ఫ్రేమ్‌లకి ఒక ఫ్లాష్, అంటే సెకనుకి ఎనిమిది. హద్దు మూడు. కాబట్టి ఇది అలాగే చూపించే వీడియో కాదు.

ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఫ్రీ టూల్‌లో దీనికోసమే ఒక ఫిల్టర్ ఉంది, పేరే photosensitivity:

```
ffmpeg -i sangeet.mp4 -vf photosensitivity=f=25:t=0.5 -pix_fmt yuv420p -c:a copy sangeet_soft.mp4
```

ఇందులో `f` అంటే ఎన్ని ఫ్రేమ్‌లు కలిపి చూడాలి అని, 25 పెడితే ఈ వీడియోకి సరిగ్గా ఒక సెకను. `t` అంటే ఎంత స్ట్రిక్ట్‌గా ఉండాలి అని, డిఫాల్ట్ 1, తగ్గించేకొద్దీ ఇంకా స్ట్రిక్ట్. `-pix_fmt yuv420p` అనేది కొత్త ఫైల్ ఫోన్లలో, టీవీల్లో కూడా ప్లే అవ్వడానికి. ఆడియోని ముట్టుకోకుండా కాపీ చేసి కొత్త ఫైల్ రాస్తుంది, అసలు ఫైల్ అలాగే ఉంటుంది. ఇది చేసే పని ఏంటంటే మార్పు మరీ ఎక్కువ అవుతోందని అనిపించిన ఫ్రేమ్‌ని దానికి ముందున్న ఫ్రేమ్‌తో కలిపేస్తుంది, అందుకని తెల్లగా కొట్టాల్సిన ఫ్రేమ్ మసక బూడిద రంగులో వస్తుంది. ఫైల్ తయారయ్యాక అదే సీన్ దగ్గరికి వెళ్లి మళ్లీ చుక్క కీతో చూడాలి. తెల్లటి ఫ్రేమ్‌లు ఇంకా స్పష్టంగా తెల్లగానే కనిపిస్తుంటే `t` ని 0.3కో ఇంకా కిందికో తగ్గించి మళ్లీ చెయ్యాలి. మరీ తగ్గిస్తే ఊపే చేతులు, తిరిగే పరికిణీలు నీడల్లా సాగిపోతాయి, కెమెరా కదిలినప్పుడల్లా బొమ్మ అలికినట్టు అవుతుంది, అది తప్పదు. పాటలో అంతా ఇలా ఉంటే ఆ స్ట్రోబ్ ఉన్న ముక్కనే కట్ చేసి దానికి మాత్రం ఈ ఫిల్టర్ వేసుకోవడం బెటర్.

కొత్త ఫైల్ చెయ్యకుండా చూసేటప్పుడే కావాలంటే ఎంపీవీలో ఇలా:

```
mpv --vf="lavfi=[photosensitivity]" sangeet.mp4
```

ఇది కూడా టీవీ ఛానెళ్లు వాడే సర్టిఫైడ్ టెస్ట్ లాంటిది కాదు, దీన్నుంచి బయటికొచ్చిన వీడియో సేఫ్ అని రాసిచ్చేవాళ్లు ఎవరూ లేరు. కానీ ఫిల్టర్, తక్కువ బ్రైట్‌నెస్, చిన్న విండో, గదిలో లైట్ నాలుగూ కలిపితే అదే వీడియో చీకట్లో ఫుల్‌స్క్రీన్‌లో చూసినదానికీ దీనికీ పోలికే ఉండదు.

గేమ్స్ దగ్గరికి వస్తే బయటి నుంచి ఫిల్టర్ వెయ్యడం కష్టం, గేమ్ లోపలి ఆప్షనే దిక్కు. 2020 డిసెంబర్‌లో సైబర్‌పంక్ 2077 రిలీజ్ అవుతున్నప్పుడు ఒక జర్నలిస్ట్ దాన్ని రివ్యూ కోసం ఆడుతూ ఫిట్స్ వచ్చిన సంగతి రాసింది, బ్రెయిన్‌డాన్స్ అనే సీన్ మొదలయ్యేటప్పుడు హెడ్‌సెట్ లైట్లు ఎరుపు, తెలుపుల్లో వేగంగా కొట్టేవి. కంపెనీ ముందు హెచ్చరిక పెట్టి, తర్వాత 1.04 ప్యాచ్‌లో ఆ ఫ్లాష్‌ల స్పీడ్, బలం రెండూ తగ్గించింది. ఇందులో తెలుసుకోవాల్సింది ఏంటంటే పాత డిస్క్‌తో అప్‌డేట్ చెయ్యకుండా ఆడితే ఆ పాత ఫ్లాషే వస్తుంది, కాబట్టి ఫోటోసెన్సిటివ్ వాళ్లకి గేమ్ అప్‌డేట్ అనేది కూడా సేఫ్టీ విషయమే.

ఆప్షన్ పేర్లు గేమ్ గేమ్‌కీ మారతాయి కాబట్టి Accessibility మెనూ ఒక్కటే చూసి లేదనుకోకూడదు, వీడియో, గ్రాఫిక్స్ మెనూలు కూడా వెతకాలి. సెలెస్ట్‌లో Photosensitive Mode అని సూటిగా ఉంటుంది. వాంపైర్ సర్వైవర్స్‌లో Flashing VFX ని ఆపెయ్యొచ్చు. పిల్లలు ఎక్కువ ఆడే మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌లో Options → Accessibility Settings లో Hide Lightning Flashes ఉంది, అది ON చేస్తే ఉరుముల వానలో ఆకాశం మొత్తం తెల్లగా మెరవడం ఆగుతుంది, మెరుపు తీగ మాత్రం కనిపిస్తుంది, అది చూసి ఆప్షన్ పనిచెయ్యట్లేదు అనుకోనక్కర్లేదు. స్క్రీన్ మీద పెద్ద భాగం మెరవడం పోయింది, చిన్న గీత మిగిలింది, కావాల్సింది అదే.

షూటింగ్ గేమ్స్‌లో జనం భయపడేది ఫ్లాష్ గ్రెనేడ్‌కి. తెల్లగా ఒక్కసారి కమ్మేస్తుంది కాబట్టి చూడటానికి అదే ఘోరంగా ఉంటుంది, నిజానికి అది ఒక్క ఫ్లాష్, వరసగా కొట్టేది కాదు. అంతకంటే ఆలోచించాల్సింది తుపాకీ మూతి దగ్గర వచ్చే మంట. ఆటోమేటిక్ గన్ నిమిషానికి 600 రౌండ్లు కాలుస్తుందంటే సెకనుకి పది, ట్రిగ్గర్ నొక్కి పట్టుకున్నంతసేపు స్క్రీన్ మధ్యలో సెకనుకి పది ఫ్లాష్‌లు. మామూలు వ్యూలో ఆ మంట చిన్నదే, స్కోప్ పెట్టి చూసేటప్పుడు గన్ మూతి పెద్దదై చూపు మధ్యలోకి వస్తుంది, రాత్రి మ్యాప్ అయితే చుట్టూ చీకటి కాబట్టి తేడా కూడా ఎక్కువ. పబ్‌జీ తరహా గేమ్స్‌లో ఫ్లాష్ హైడర్, సప్రెసర్ అనే అటాచ్‌మెంట్లు ఉన్నవే ఆ మంటని దాచడానికి, శత్రువుకి కనపడకుండా అని పెట్టారు గానీ ఫోటోసెన్సిటివ్ ప్లేయర్‌కి అవి నిజంగా పనికొచ్చే సెట్టింగ్. బ్లూమ్, లెన్స్ ఫ్లేర్ లాంటివి గ్రాఫిక్స్‌లో ఆపే వీలుంటే ఆపాలి, అవి చిన్న మంటని చుట్టూ పరిచి పెద్దది చేస్తాయి. ఇంకా కుదిరితే ఒక్కో రౌండ్ చొప్పున కాల్చే మోడ్ వాడొచ్చు.

గేమ్స్ తయారుచేసేవాళ్లకి ఇప్పుడు సాకు లేదు. 2023 చివర్లో ఈఏ కంపెనీ తన గేమ్స్ టెస్ట్ చెయ్యడానికి వాడే ఐరిస్ అనే టూల్‌ని ఓపెన్ సోర్స్ చేసింది, గేమ్‌ప్లే రికార్డ్ చేసి అందులో పెడితే ఎక్కడ ఫ్లాష్ హద్దు దాటిందో ఫ్రేమ్‌తో సహా చెప్తుంది. హైదరాబాద్‌లో ఉన్న చిన్న గేమ్ స్టూడియోలు కూడా ఉచితంగా వాడుకోవచ్చు. ఆడే ముందు వచ్చే హెచ్చరిక కార్డు ఒక్కటే పెట్టి ఊరుకునే రోజులు పోవాలి, ఆ కార్డు ఏ సీన్‌లో ఫ్లాష్ ఉందో చెప్పదు, దాన్ని ఆపే దారి కూడా చూపించదు.

ఇవన్నీ మనం కావాలని ప్లే చేసిన వాటికి. అడగకుండా వచ్చేవి వేరే. ఫ్యామిలీ గ్రూప్‌లో పండగ శుభాకాంక్షలంటూ మెరుపులు కొట్టే జిఫ్‌లు వస్తాయి, ఫీడ్‌లో వీడియోలు వాటంతటవే మొదలవుతాయి. వాట్సాప్‌లో Settings → Storage and data లో మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆపేస్తే ఎవరో పంపింది ముందు మసకగా కనిపిస్తుంది, నొక్కితేనే వస్తుంది. యూట్యూబ్‌లో Playback in feeds ఆపొచ్చు, నెట్‌ఫ్లిక్స్‌లో ప్రొఫైల్ సెట్టింగ్స్‌లో బ్రౌజ్ చేస్తున్నప్పుడు ప్రివ్యూలు ఆటోప్లే అవ్వకుండా టిక్ తీసేయొచ్చు, ఎక్స్‌లో Autoplay ని Never పెట్టొచ్చు. ఐఫోన్‌లో ఐఓఎస్ 17 నుంచి Motion లోనే Auto-Play Animated Images ఉంది, అది ఆపితే సఫారీలో, మెసేజెస్‌లో జిఫ్‌లు కదలవు. ఎక్స్‌లో ఇది ముఖ్యం ఎందుకంటే 2019 నవంబర్‌లో అమెరికాలో ఎపిలెప్సీ ఫౌండేషన్ అకౌంట్‌ని ట్యాగ్ చేసి కొందరు కావాలని ఫ్లాష్ అయ్యే బొమ్మలు పెట్టారు, ఆటోప్లే ఆపినా ఆగని ఒక రకం యానిమేటెడ్ బొమ్మల్ని ఆ తర్వాత ఆ సైట్ తీసేసింది. బ్రిటన్ అయితే 2023లో అలా కావాలని పంపడాన్ని నేరం చేసింది.

ఇన్ని చేసినా ఎక్కడో ఒకచోట ఫ్లాష్ ఎదురవుతుంది. అప్పుడు కళ్లు గట్టిగా మూసుకోవడం చాలామందికి తోచే పని, కానీ వెలుగు రెప్పల్లోంచి ఎర్రగా లోపలికి వస్తూనే ఉంటుంది, కొందరికి కళ్లు మూసే ఆ క్షణమే ట్రిగ్గర్ అవుతుంది. ఒక కంటిని అరచేత్తో పూర్తిగా కప్పేసి తల పక్కకి తిప్పెయ్యాలి. ఒక కన్ను కప్పితే మెదడుకి చేరే దెబ్బ బాగా తగ్గుతుంది. స్క్రీన్ చూస్తున్నప్పుడు రెప్పలు టపటపా కొట్టుకోవడం, చేతులు ఉలిక్కిపడినట్టు జర్క్ ఇచ్చి రిమోట్ జారిపోవడం, ఒక్క క్షణం బ్లాంక్ అయిపోయి మళ్లీ మామూలు అవ్వడం, ఇవి కనిపిస్తే ఆ రోజుకి స్క్రీన్ ఆపేసి డాక్టర్‌కి చెప్పాలి, గేమ్ ఆడుతూ అలసిపోయాడులే అని వదిలెయ్యకూడదు.

డాక్టర్ దగ్గర ఈఈజీ తీసేటప్పుడు కళ్ల ముందు ఒక లైట్‌ని రకరకాల స్పీడ్‌లలో కొట్టి చూసే టెస్ట్ ఉంటుంది. రిపోర్ట్‌లో పాజిటివ్, నెగెటివ్ అని చూసి మడిచిపెట్టేస్తారు చాలామంది. ఏ స్పీడ్ దగ్గర మెదడులో స్పందన మొదలైంది, ఎక్కడ ఆగింది, కళ్లు మూసినప్పుడు ఎక్కువైందా అని అడిగి రాయించుకుంటే, ఎనిమిది ఫ్లాష్‌ల సంగీత్ వీడియో ఆ అమ్మాయికి ఎంత దగ్గర ప్రమాదమో, టీవీలో నల్ల ఫ్రేమ్ ఫీచర్ గురించి పట్టించుకోవాలో అక్కర్లేదో ఆ అంకెలని బట్టి తేల్చుకోవచ్చు.